కొవ్వు తిన్నాక పొట్టలో మొదలై వీపులోకి పాకే నొప్పి: రాయా, క్లోమమా?

రాత్రి భోజనంలో నూనె కాస్త ఎక్కువైంది. పడుకున్న గంటకి పొట్ట పైభాగంలో, రొమ్ము ఎముక కింద, ఏదో పట్టేసినట్టు మొదలవుతుంది. ముందు గ్యాస్ అనుకుంటారు. త్రేన్పు వస్తే పోతుందని చూస్తారు. త్రేన్పు వచ్చినా అది పోదు. పావుగంటలో నొప్పిగా ముదిరి, ముందు నుంచి వెనక్కి కడ్డీ దింపినట్టు వీపులోకి పాకుతుంది. ఏ పక్కకి తిరిగి పడుకున్నా ఒకటే. తెల్లవారుజామున ఎప్పుడో సద్దుమణుగుతుంది. పొద్దున్నే మనిషి మామూలుగా లేచి పనిలో పడతాడు, రాత్రి వేసుకున్న గ్యాస్ మాత్రకి ఆ ఘనత దక్కుతుంది.

కొన్నాళ్లకి మళ్లీ వస్తుంది. ఈసారి స్కానింగ్ చేస్తే పిత్తాశయంలో రాళ్లున్నాయని ఒక రిపోర్టు, రక్తంలో లైపేజ్ అనే క్లోమం ఎంజైమ్ పెరిగిందని ఇంకో రిపోర్టు. ఒక డాక్టరు రాళ్లంటారు, ఇంకొకరు పాంక్రియాటైటిస్ అంటారు. ఇద్దరిలో ఎవరి మాట నమ్మాలని ఇంట్లో చర్చ మొదలవుతుంది.

ఆ ప్రశ్నలోనే ఒక తిరకాసు ఉంది. రాయి ఒక వస్తువు. ఏళ్ల తరబడి చడీచప్పుడూ లేకుండా ఉండగలదు. పాంక్రియాటైటిస్ ఒక సంఘటన, అంటే క్లోమం ఒక్కసారిగా వాచిపోవడం. ఆ సంఘటనకి చాలాసార్లు కారణం ఆ వస్తువే. కాబట్టి ఇద్దరు డాక్టర్లూ ఒకే కథలోని రెండు ఘట్టాలు చెబుతూ ఉండొచ్చు. మనిషి ఇప్పుడు ఏ ఘట్టంలో ఉన్నాడో తెలుసుకోవడమే అసలు పని.

## రెండు గొట్టాలు, ఒక గుమ్మం

కాలేయం రోజూ అర లీటరు నుంచి లీటరు దాకా పైత్యరసం తయారుచేస్తుంది. కొవ్వుని చిన్న చిన్న బిందువులుగా విడగొట్టడం దాని పని. భోజనానికీ భోజనానికీ మధ్య ఈ రసంలో కొంత పిత్తాశయంలోకి చేరుతుంది. కాలేయం అడుగున అతుక్కుని ఉండే చిన్న సంచి అది. గాల్ బ్లాడర్ అని అందరూ అనేది దీన్నే. 30 నుంచి 50 మిల్లీలీటర్లు పడుతుంది, అంతే. అక్కడ రసంలోని నీరు ఇంకిపోయి అది చిక్కబడుతుంది. చిక్కబడిన రసంలో కొలెస్ట్రాల్ కరిగి ఉండలేనంత ఎక్కువైతే స్ఫటికాలు కడుతుంది. అవే పెరిగి రాళ్లవుతాయి.

క్లోమం, అంటే పాంక్రియాస్, జీర్ణాశయం వెనకాల వెన్నెముకకి అడ్డంగా పడుకున్నట్టు ఉంటుంది. ఇన్సులిన్ ఇచ్చే అవయవంగా దీని పేరు అందరికీ తెలుసు. కానీ దీనిలో ఎక్కువ భాగం జీర్ణరసాలు తయారుచేసే కర్మాగారమే. కొవ్వుని విడగొట్టే లైపేజ్, పిండిపదార్థాన్ని విడగొట్టే అమైలేజ్, మాంసకృత్తుల్ని విడగొట్టే ట్రిప్సిన్ ఇక్కడివే.

పిత్తాశయం, కాలేయం నుంచి వచ్చే పైత్యనాళం ఒక వైపు నుంచీ, క్లోమనాళం ఇంకో వైపు నుంచీ వచ్చి, చిన్నపేగు మొదటి భాగంలోకి తెరుచుకునే చోట కలుస్తాయి. చాలామందిలో ఆ చివర కొన్ని మిల్లీమీటర్లు రెండింటికీ ఒకటే దారి, దానికి ఒకటే గుమ్మం. ఈ వ్యాసంలో మిగిలిన గొడవంతా ఆ గుమ్మం దగ్గరే.

## కొవ్వు తింటే ఏం జరుగుతుంది

కొవ్వు చిన్నపేగులోకి దిగగానే పేగు గోడ ఒక హార్మోన్ని రక్తంలోకి వదులుతుంది. దాని పేరు కొలెసిస్టోకైనిన్. గ్రీకు మూలాల్లో ఆ పేరుకి పైత్యపు సంచిని కదిలించేది అని అర్థం. 1928లో ఐవీ, ఓల్డ్‌బర్గ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దీన్ని గుర్తించారు. 1943లో హార్పర్, రేపర్ అనే మరో ఇద్దరు, క్లోమం చేత ఎంజైములు విడుదల చేయించే హార్మోన్ ఒకటుందని చెప్పి దానికి పాంక్రియోజైమిన్ అని పేరు పెట్టారు. తర్వాత శుద్ధి చేసి చూస్తే రెండూ ఒకటే పదార్థమని తేలింది. ఒకే హార్మోన్ ఇటు పిత్తాశయాన్ని పిండుతోంది, అటు క్లోమాన్నీ లేపుతోంది. కొవ్వు తిన్నాక వచ్చే నొప్పి ఈ రెండింటిలో దేనిదైనా కావచ్చన్న అనుమానానికి ఆధారం ఇక్కడే ఉంది.

పిత్తాశయంలో రాయి ఉండి, అది సంచి మెడ దగ్గర అడ్డం పడిన సమయంలో ఈ పిండుడు మొదలైందనుకోండి. సంచి మూసుకున్న మూతికి ఎదురుగా బలంగా బిగుసుకుంటుంది, లోపల ఒత్తిడి పెరుగుతుంది. ఆ నొప్పినే వైద్యులు బిలియరీ కోలిక్ అంటారు. పేరులో కోలిక్ ఉందని పేగు మెలిపెట్టినట్టు వస్తూ పోతూ ఉంటుందనుకుంటారు. నిజానికి అలా ఉండదు. ఎక్కి, ఎక్కినచోటే నిలబడి, తర్వాత దిగుతుంది. రాయి మళ్లీ సంచిలోకి జారితే ఒత్తిడి తగ్గుతుంది, నొప్పి మాయమవుతుంది. గ్యాస్ మాత్రకి దక్కిన ఘనత న్యాయంగా ఆ రాయిది.

ఇక్కడొక మాట చెప్పాలి. నూనె తింటేనే వస్తుంది అన్నది అందరూ నమ్మేంత గట్టి గుర్తేమీ కాదు. రాళ్ల నొప్పి చాలామందికి భోజనంతో సంబంధం లేకుండా, అర్ధరాత్రి నిద్రలోంచి లేపేలా వస్తుంది. మరోవైపు కొవ్వు తింటే కడుపు ఉబ్బరం, త్రేన్పులు, మంట అనేవాళ్లు రాళ్లు లేనివాళ్లలోనూ అంతేమంది ఉంటారు. కాబట్టి కొవ్వుతో ముడిపడిందా అన్న దానికంటే, ఎలా మొదలై ఎంతసేపు ఉంది అన్నదే ఎక్కువ పనికొచ్చే ప్రశ్న.

## వీపులోకి ఎందుకు పాకుతుంది

పొట్టలోని అవయవాలకి చర్మానికి ఉన్నంత చురుకైన నరాలు లేవు. పిత్తాశయం నుంచి, క్లోమం నుంచి వచ్చే నొప్పి నరాలు వెన్నుపాములో చేరే చోటికే వీపు మధ్యభాగం నుంచి వచ్చే నరాలు కూడా చేరతాయి. మెదడుకి రెండూ కలగాపులగంగా అందుతాయి. అందుకే పొట్టలో పుట్టిన నొప్పి వీపులో ఉన్నట్టు తోస్తుంది.

రాళ్ల నొప్పి పొట్ట పైన నడిమధ్యలో గానీ కుడి డొక్క కింద గానీ మొదలై, కుడి రెక్క ఎముక కిందికో కుడి భుజానికో పోవడం ఎక్కువ. క్లోమం నొప్పి అయితే నడిమధ్య నుంచి నేరుగా వెనక్కి దూసుకుపోయినట్టో, నడుముకి పైన పట్టీ బిగించినట్టో ఉంటుందని చెబుతారు. క్లోమం వెన్నెముకని ఆనుకునే ఉంటుంది కాబట్టి దాని వాపు వెనక కణజాలాన్ని నేరుగా రేపుతుంది. అందుకే వెల్లకిలా పడుకుంటే నొప్పి ఎక్కువై, ముందుకి వంగి మోకాళ్లు కౌగిలించుకుని కూర్చుంటే కాస్త తగ్గుతుంది. మంచం అంచున దిండుని పొట్టకి అదుముకుని ముందుకి వంగిపోయి కూర్చున్న మనిషిని చూస్తే, అనుభవమున్న నర్సుకి పరీక్షలకి ముందే క్లోమం గుర్తొస్తుంది.

అయినా దీని మీద తీర్పు చెప్పేయకూడదు. పాంక్రియాటైటిస్ వచ్చినవాళ్లలో సుమారు సగం మందికే నొప్పి వీపులోకి పోతుంది. రాళ్ల నొప్పీ వీపులోకి పోతుంది. ఎక్కడ నొప్పి అన్న దాన్ని బట్టి ఈ రెండింటినీ విడదీయడం పెద్ద డాక్టర్లకీ కష్టమే.

## గడియారం చెప్పేది

విడదీయడంలో బాగా పనికొచ్చేది గడియారం. మామూలు రాళ్ల నొప్పి అరగంట నుంచి కొన్ని గంటలు ఉంటుంది. ఐదారు గంటలు దాటడం అరుదు. తగ్గాక మనిషి పూర్తిగా మామూలైపోతాడు, పొట్ట నొక్కినా నొప్పి ఉండదు, జ్వరం ఉండదు.

ఆరు గంటలు దాటిందంటే కథ మారిందని అర్థం. రాయి సంచి మెడ దగ్గరే ఇరుక్కుపోయి పిత్తాశయం గోడ వాచి ఉండొచ్చు. దాన్ని కోలిసిస్టైటిస్ అంటారు. అప్పుడు జ్వరం వస్తుంది. కుడి డొక్క కింద చెయ్యిపెట్టి నొక్కి, గట్టిగా ఊపిరి పీల్చమంటే మధ్యలోనే ఊపిరి ఆగిపోతుంది.

లేదా అది క్లోమం కావచ్చు. పాంక్రియాటైటిస్ నొప్పి నిమిషాల్లో, మహా అయితే అరగంటలో తారస్థాయికి చేరి అక్కడే ఉంటుంది. గంటలు కాదు, రోజులు. వాంతులు అవుతాయి. కానీ వాంతి అయ్యాక హాయిగా ఉండటం ఉండదు. అజీర్తి వాంతికీ దీనికీ తేడా అదే.

## రాయి గుమ్మం దాకా వచ్చినప్పుడు

ఇప్పుడు కథలో ముఖ్యమైన మలుపు. పిత్తాశయంలో ఉన్నంతసేపు రాయికి క్లోమంతో పని లేదు. అది సంచి మెడ దాటి పైత్యనాళంలోకి జారి, కిందికి దిగి, రెండు నాళాలు కలిసే ఆ గుమ్మం దగ్గర ఆగితేనే చిక్కు.

1901లో యూజీన్ ఓపీ అనే అమెరికన్ వైద్యుడు, తీవ్రమైన పాంక్రియాటైటిస్‌తో చనిపోయిన మనిషి శవపరీక్షలో సరిగ్గా ఆ గుమ్మంలో ఇరుక్కున్న రాయిని చూసి, ఈ రెండింటికీ ఉన్న బంధుత్వాన్ని బయటపెట్టాడు. కానీ తర్వాత చాలామంది రోగుల్లో వెతికితే గుమ్మంలో రాయి కనిపించేది కాదు. మరి అది ఏమైనట్టు? 1974లో అర్జెంటీనా వైద్యులు కాస్త ఓపికైన పని చేశారు. రాళ్లవల్ల పాంక్రియాటైటిస్ వచ్చిందనుకున్న రోగుల మలాన్ని రోజుల తరబడి జల్లెడ పట్టి చూశారు. దాదాపు అందరిలోనూ రాళ్లు దొరికాయి. రాళ్లున్నా పాంక్రియాటైటిస్ రానివాళ్లలో మాత్రం చాలా కొద్దిమందిలోనే దొరికాయి. అంటే చాలాసార్లు రాయి గుమ్మంలో కొద్దిసేపే ఆగి, పేగులోకి జారి, వెళ్లిపోతుంది. నష్టం ఆ కొద్దిసేపట్లోనే జరిగిపోతుంది.

ఆ నష్టం ఏమిటంటే, క్లోమం తయారుచేసే ట్రిప్సిన్ నిద్రాణ రూపంలోనే బయటికి వస్తుంది. పేగులోకి చేరాకే మేల్కోవాలి. నాళం మూసుకుపోయి ఒత్తిడి పెరిగితే అది క్లోమం కణాల్లోనే మేల్కొంటుంది. మాంసాన్ని అరిగించే పదార్థం, పక్కనే ఉన్న మాంసాన్ని అరిగించడం మొదలుపెడుతుంది. ఎక్కువమందిలో ఇది వాపుతో ఆగి వారంలో సర్దుకుంటుంది. ఐదుగురిలో సుమారు ఒకరికి మాత్రం తీవ్రమై, క్లోమంలో కొంత భాగం చచ్చిపోవడమో, ఊపిరితిత్తులు, కిడ్నీలు దెబ్బతినడమో జరుగుతుంది.

చాలామందికి ఎదురుగా ఉన్నా తట్టని సంగతి ఒకటి ఇక్కడుంది. "చిన్న రాళ్లే, 3 మిల్లీమీటర్లు, భయపడాల్సింది లేదు" అని రిపోర్టు చూసి ఊరట చెందుతారు. క్లోమం వైపు నుంచి చూస్తే లెక్క తిరగబడుతుంది. 2 సెంటీమీటర్ల రాయి ఆ సన్నటి మెడ దాటలేదు. సంచిలో నొప్పి పుట్టిస్తుంది గానీ గుమ్మం దాకా రాలేదు. 5 మిల్లీమీటర్లకి తక్కువైన రాళ్లే జారతాయి. అలాగని రాళ్లున్న ప్రతివారికీ ఇది వచ్చేస్తుందని కాదు. జీవితకాలంలో వందకి మూడు నుంచి ఏడుగురికి వస్తుందని అంచనా.

## ఒక కేసు, మొదటి నుంచి

ఉదాహరణకి 46 ఏళ్ల ఒక మహిళని ఊహించుకుందాం. మొదటిసారి రాత్రి 11 గంటలకి నొప్పి మొదలై, 2 గంటలకి పోయింది. ఎవరికీ చూపించుకోలేదు. రెండు నెలల తర్వాత మళ్లీ వచ్చి నాలుగు గంటలు ఉంది. మర్నాడు చేసిన అల్ట్రాసౌండ్‌లో పిత్తాశయం నిండా 3 నుంచి 5 మిల్లీమీటర్ల రాళ్లు కనిపించాయి. పైత్యనాళం వెడల్పు 4 మిల్లీమీటర్లు, మామూలే. కాలేయం పరీక్షలు మామూలు. పిత్తాశయం తీయించుకోమన్నారు. ఇంట్లో పనులున్నాయని, నూనె తగ్గిస్తే సరిపోతుందని ఆమె వాయిదా వేసింది. ఇప్పటిదాకా ఆమెది అచ్చమైన రాళ్ల నొప్పి.

మూడోసారి తెల్లవారుజామున 4 గంటలకి వచ్చింది. విచిత్రమేమిటంటే ముందురోజు రాత్రి ఆమె తేలిగ్గానే తింది. ఇరవై నిమిషాల్లో నొప్పి తారస్థాయికి చేరింది. నాలుగుసార్లు వాంతి అయినా తగ్గలేదు. 10 గంటలకి ఆసుపత్రికి వచ్చేసరికి కుర్చీలో ముందుకి వంగిపోయి ఉంది. నాడి నిమిషానికి 108. ఒంటి వేడి 37.6 డిగ్రీల సెల్సియస్.

రక్తపరీక్షలో లైపేజ్ 2,140 యూనిట్లు. ఆ ల్యాబ్‌లో మామూలు గరిష్ఠం 60. కాలేయ ఎంజైమ్ ఏఎల్‌టీ 312, మామూలు గరిష్ఠం 40. పైత్యంలోని పసుపు పదార్థం బిలిరుబిన్ 2.6 మిల్లీగ్రాములు, కాస్త ఎక్కువే. ట్రైగ్లిజరైడ్లు 160, కాల్షియం మామూలు. ఆమెకి మద్యం అలవాటు లేదు. అల్ట్రాసౌండ్‌లో పిత్తాశయంలో రాళ్లు అలాగే ఉన్నాయి. పైత్యనాళం 8 మిల్లీమీటర్లకి ఉబ్బింది, అందులో రాయి మాత్రం కనిపించలేదు. పేగుల్లో గాలి అడ్డుపడి క్లోమం సరిగా కనిపించలేదు.

దీన్ని ఎలా చదవాలి? పాంక్రియాటైటిస్ అని తేల్చడానికి వైద్యులు వాడేది 2012లో సవరించిన అట్లాంటా ప్రమాణం. మూడింటిలో రెండు ఉండాలి. ఒకటి, పొట్ట పైభాగంలో అలాంటి నొప్పి. రెండు, లైపేజ్ గానీ అమైలేజ్ గానీ మామూలు గరిష్ఠానికి కనీసం మూడు రెట్లు. మూడు, స్కాన్‌లో క్లోమం వాపు. ఆమెకి మొదటిది ఉంది. రెండోది మూడు రెట్లేమిటి, ముప్పై ఐదు రెట్లు ఉంది. మూడోదాని అవసరమే లేదు. అందుకే ఆ రోజు సీటీ స్కాన్ తీయలేదని ఇంట్లోవాళ్లు కంగారు పడినా, తీయకపోవడంలో తప్పు లేదు. క్లోమంలో చచ్చిపోయిన భాగాలు మొదటి మూడు రోజుల్లో స్కాన్‌కి సరిగా దొరకవు కూడా. నిర్ధారణలో అనుమానం ఉంటేనో, మనిషి తేరుకోకపోతేనో సీటీ అక్కరకొస్తుంది.

ఇక కారణం. ఇక్కడ అసలు సాక్షి లైపేజ్ కాదు, ఏఎల్‌టీ. పాంక్రియాటైటిస్ ఉన్న మనిషిలో ఏఎల్‌టీ 150 దాటిందంటే కారణం రాయేనని చాలావరకు నమ్మొచ్చు. పైత్యం దారి మూసుకుంటే కాలేయం మీద పడే దెబ్బకి అది గుర్తు. తక్కువున్నంత మాత్రాన రాయి కాదని మాత్రం చెప్పలేం. ఆమెలో ఏఎల్‌టీ 312, ఉబ్బిన నాళం, కాస్త పెరిగిన బిలిరుబిన్, సంచిలో జారగలిగేంత చిన్న రాళ్లు, అన్నీ ఒకే మాట చెబుతున్నాయి.

మరి రాయి ఇంకా గుమ్మంలోనే ఉందా? దానికి మర్నాటి పరీక్ష జవాబిచ్చింది. బిలిరుబిన్ 1.3కి దిగింది, ఏఎల్‌టీ 225కి వచ్చింది. దారి తెరుచుకుందని, రాయి వెళ్లిపోయిందని అర్థం. అవి పెరుగుతూ, చలి జ్వరంతో కళ్లు పచ్చబడుతూ ఉంటే పైత్యనాళంలో ఇన్‌ఫెక్షన్ అని అనుమానించి, ఎండోస్కోపు గొట్టంతో లోపలికెళ్లి గుమ్మం తెరిచి రాయి లాగేసే ఈఆర్‌సీపీ త్వరగా చేస్తారు. అలాంటివేమీ లేనప్పుడు దాన్ని తొందరపడి చేయరు. ఎందుకంటే ఈఆర్‌సీపీ తనంతట తానే పాంక్రియాటైటిస్ తెప్పించగలదు.

## లైపేజ్ అంకెతో వచ్చే పొరపాట్లు

2,140 అన్న అంకె చూసి ఆమె భర్త బెదిరిపోయాడు. కానీ లైపేజ్ ఎంత పెరిగిందన్న దానికీ జబ్బు ఎంత తీవ్రమన్న దానికీ లంకె లేదు. 400 ఉన్న మనిషి ఐసీయూకి వెళ్లొచ్చు, 4,000 ఉన్న మనిషి నాలుగో రోజున ఇంటికెళ్లొచ్చు. తీవ్రతని మొదటి రెండు రోజుల్లో నాడి, ఊపిరి, మూత్రం, రక్తంలో యూరియా చెబుతాయి. రోజూ లైపేజ్ చేయించి తగ్గిందా అని చూసుకోవడం వల్ల ఒరిగేదేమీ లేదు.

రెండో పొరపాటు దీనికి తిరగబడినది. ఇదే మహిళకి రెండోసారి నొప్పి వచ్చినప్పుడు లైపేజ్ 110 ఉందనుకోండి. గరిష్ఠం 60 కాబట్టి ల్యాబ్ కాగితం మీద అది బోల్డు అక్షరాల్లో వస్తుంది. మూడు రెట్లంటే 180. 110 అంత లేదు. కిడ్నీ సరిగా పనిచేయకపోయినా, పిత్తాశయం వాచినా, పేగుకి దెబ్బ తగిలినా ఈపాటి పెరుగుదల ఉంటుంది. అది పాంక్రియాటైటిస్ అనడానికి చాలదు.

మూడోది సమయం. అమైలేజ్ త్వరగా ఎక్కి, మూడు నుంచి ఐదు రోజుల్లో మామూలైపోతుంది. లైపేజ్ వారం పైనే ఎక్కువగా ఉంటుంది. నొప్పి వచ్చిన నాలుగో రోజున అమైలేజ్ ఒక్కటే చేయించి అంతా బాగుందనుకుంటే పప్పులో కాలేసినట్టే.

## స్కాన్‌లో రాయి కనబడితే అదే దోషా?

అల్ట్రాసౌండ్ పిత్తాశయంలోని రాళ్లని నూటికి 95 సార్లకి పైగా పట్టేస్తుంది. చిక్కేమిటంటే, ఆ రాళ్లలో ఎక్కువ అమాయకపువి. వేరే దేనికో స్కాన్ చేస్తే బయటపడిన రాళ్లని ఏళ్ల తరబడి గమనిస్తే, సుమారు ఐదుగురిలో నలుగురికి ఏ ఇబ్బందీ రాదు. అందుకే నొప్పి లేని రాళ్లకి ఆపరేషన్ చెప్పకపోవడమే మామూలు.

నొప్పి ఉన్నవారి విషయంలో వైద్యుల్లోనే రెండు ఆలోచనలున్నాయి. రాళ్లు, పొట్ట నొప్పి రెండూ ఉంటే తీసేయడమే మంచిది, జారి క్లోమం దాకా వెళ్లేదాకా ఎందుకు ఆగాలి అనేది ఒకటి. ఉబ్బరం, మంట, మలబద్ధకం లాంటి ఫిర్యాదులున్నవాళ్లకి పిత్తాశయం తీసినా అవి పోవు, కాబట్టి అచ్చమైన కోలిక్ ఉన్నవారినే ఎంచుకోవాలి అనేది రెండోది. నెదర్లాండ్స్‌లో ఇదే ప్రశ్న మీద జరిగిన పెద్ద పరిశోధన ఫలితం 2019లో వచ్చింది. కచ్చితమైన లక్షణాల ప్రకారం ఎంచుకున్నా, మామూలు పద్ధతిలో ఎంచుకున్నా, ఏడాది తర్వాత నొప్పి పూర్తిగా లేనివాళ్లు 60 శాతానికి మించలేదు. ఆపరేషన్ పనికిరాదని దీని అర్థం కాదు, పరిశోధనలో ఉన్నవాళ్లందరికీ అది జరగనూ లేదు. నా ఉద్దేశంలో ఇది చెప్పేది, నొప్పి రాయిదేనా అన్న ప్రశ్న మనం అనుకున్నంత తేలిగ్గా తేలదని.

పాంక్రియాటైటిస్ ఒకసారి వచ్చి తగ్గాక మాత్రం ఇంత వాదన లేదు. తేలికపాటిదైతే ఇంటికి పంపేలోపే పిత్తాశయం తీసేయడం మేలని ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకుంటారు. నెదర్లాండ్స్‌లోనే జరిగి 2015లో వెలువడిన ఇంకో పరిశోధనలో, మూడు నాలుగు వారాలు ఆగినవాళ్లలో 17 శాతం మంది ఆ లోపు రాళ్ల సమస్యలతో తిరిగొచ్చారు. వెంటనే చేసినవాళ్లలో 5 శాతమే. సంచి అక్కడే ఉంటే దానిలో మిగిలిన రాళ్లకీ అదే గుమ్మం దారి.

## రాయి లేకుండా క్లోమం, రెండూ కాని నొప్పి

అన్ని పాంక్రియాటైటిస్‌లకీ రాయి కారణం కాదు. రాళ్ల తర్వాత పెద్ద కారణం మద్యం. రక్తంలో ట్రైగ్లిజరైడ్లు 1,000 మిల్లీగ్రాములు దాటినా రావచ్చు. కొవ్వు భోజనానికీ క్లోమానికీ నేరు సంబంధం కనబడేది ఇక్కడే. పైగా అలాంటి రక్తంలో అమైలేజ్ తప్పుగా మామూలు చూపించే అవకాశం ఉంది. కొన్ని మందులు, ఎక్కువైన కాల్షియం కూడా కారణమవుతాయి. రాళ్లు కనబడలేదని స్కాన్ చెప్పినా అప్పుడే కొట్టేయరు. దాడి సమయంలో పేగుల్లో గాలి నిండి అల్ట్రాసౌండ్ చూపు మందగిస్తుంది. తేరుకున్నాక మళ్లీ చేస్తే కనబడొచ్చు. అప్పటికీ దొరకని సన్నటి ఇసుకని ఎండోస్కోపు చివర అమర్చిన అల్ట్రాసౌండ్ పట్టేస్తుంది.

నెలల తరబడి, తిన్న ప్రతిసారీ నొప్పి వచ్చి, మలం జిడ్డుగా నీటి మీద తేలుతూ, బరువు తగ్గుతుంటే అది దీర్ఘకాలిక పాంక్రియాటైటిస్ కావచ్చు. అందులో లైపేజ్ మామూలుగానే ఉండొచ్చు, ఎందుకంటే వదలడానికి క్లోమంలో అంత సరుకు మిగిలి ఉండదు. వీపులోకి సన్నగా నిలిచిపోయే నొప్పి, తగ్గుతున్న బరువు, కొత్తగా వచ్చిన షుగర్, పచ్చబడుతున్న కళ్లు కలిసి వస్తే క్లోమం కేన్సర్ కోసం వెతుకుతారు.

పొట్ట పైభాగం నొప్పితో వచ్చిన పెద్దవయసు మనిషికి ముందు ఈసీజీ తీయడం చూసి కొందరు ఆశ్చర్యపోతారు. గుండె కింది గోడకి రక్తం ఆగినప్పుడు నొప్పి అచ్చం ఇక్కడే రావచ్చు. జీర్ణాశయం పుండు పగిలినా, ఛాతీ నుంచి పొట్టలోకి దిగే పెద్ద ధమని చీలినా నొప్పి ఇలాగే వీపులోకి పోతుంది. అవి నిమిషాల మీద తేలాల్సినవి కాబట్టి లైపేజ్ రిపోర్టు వచ్చేదాకా ఎవరూ ఆగరు.

## ఆ మహిళ సంగతి

ఆమెకి చేసిన వైద్యంలో క్లోమం కోసమంటూ ప్రత్యేకమైన మందేదీ లేదు, అలాంటిది ఇంకా లేదు కూడా. సెలైన్, నొప్పికి ఇంజెక్షన్లు, గంట గంటకీ మూత్రం లెక్క. ఇన్‌ఫెక్షన్ లేదు కాబట్టి యాంటీబయాటిక్ ఇవ్వలేదు. క్లోమానికి విశ్రాంతి ఇవ్వాలని రోజుల తరబడి పస్తు ఉంచడం పాత పద్ధతి. ఇప్పుడు వాంతులు ఆగి ఆకలి వేస్తే తేలిక భోజనం ఇచ్చేస్తారు. పస్తుంటే పేగు గోడ బలహీనపడి అక్కడి సూక్ష్మజీవులు బయటికి పాకే ప్రమాదం ఉంటుందని దీని వెనక ఉన్న ఆలోచన. ఆమె రెండో రోజు సాయంత్రం తినగలిగింది. మూడో రోజుకి నాడి 82కి దిగింది.

ఐదో రోజున లాపరోస్కోపీతో పిత్తాశయం తీసేశారు. ఆపరేషన్ మధ్యలో పైత్యనాళంలోకి రంగు ఎక్కించి ఎక్స్‌రే తీస్తే అది అడ్డు లేకుండా పేగులోకి దిగింది. తీసిన సంచిని కోసి చూస్తే పచ్చటి చిక్కని రసంలో రాళ్లు, లెక్కపెట్టడం మానేసేంత. అన్నిటికంటే పెద్దది 5 మిల్లీమీటర్లు.